దిగులు అన్న మాటకు అర్థం

మన సంఘం కార్యదర్శిగారు ఒకరోజు ఫోను చేసి, "మన హాలులో మానసిక ఒత్తిడి గురించి ఒక డాక్టరుగారి ఉపన్యాసం పెడుతున్నాం. ప్రకటనలో వేయడానికి నాలుగు వాక్యాలు రాసివ్వండి" అన్నారు. నాలుగు వాక్యాలే కదా అని వెంటనే ఒప్పుకున్నాను. తీరా కూర్చుంటే ఆ నాలుగు వాక్యాలకు మూడు రోజులు పట్టింది.

మొదట రాసింది ఇది: "ఒత్తిడిని జయించండి. ధైర్యమే మందు. అందరూ రండి." రాసి చదువుకున్నాను. మా మామయ్య గుర్తొచ్చారు. కాగితం చింపేశాను. ఎందుకు చింపానో చెప్పడానికే ఈ వ్యాసం.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. సూలూరులో ఇంటి వెనక షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు. వాటిని మా ఇళ్ళలో "తరి" అనే అంటాం. తెలుగు మాట్లాడుతూనే ఇలాంటి అరవ మాటలు ఎన్నో కలుపుకొని, తరతరాలుగా ఈ గడ్డ మీద బతుకుతున్నవాళ్ళం. ఆయనది కూలి నేత. జవుళి యజమాని నూలు ఇస్తాడు, ఈయన గుడ్డ నేసి ఇస్తాడు, మీటరుకు ఇంతని కూలి వస్తుంది. కరెంటు ఖర్చు, పనివాళ్ళ జీతం, మగ్గాల మరమ్మతు అన్నీ ఆ కూలిలోంచే.

2022 జనవరిలో కోయంబత్తూరు, తిరుప్పూరు జిల్లాల్లో కూలి మరమగ్గాలవాళ్ళు కూలి పెంచాలని మగ్గాలు ఆపేశారు. మామయ్య షెడ్డు కూడా మూగబోయింది. ముప్పై ఏళ్ళుగా మగ్గాల చప్పుడులో నిద్రపోయిన మనిషికి ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టలేదు. బ్యాంకు వాయిదా ఉంది, పెద్దమ్మాయి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. గుండె దడ, మెడ పట్టేయడం, కడుపులో మంట. ఆ నెలలో ఆయనకు ఇవన్నీ ఉండటంలో వింత లేదు. ఆపద ఎదురైతే ఒళ్ళు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణం మందగిస్తుంది. పామును చూసి గెంతడానికి ఒళ్ళు చేసుకొనే ఏర్పాటు అది. ఒత్తిడి అంటే ఇదే. ఇది రోగం కాదు. పాము వెళ్ళిపోతే ఒళ్ళు కూడా సర్దుకోవాలి.

మార్చి నాటికి మామయ్య షెడ్డులో మగ్గాలు మళ్ళీ తిరగసాగాయి. ఆయన మాత్రం మామూలు మనిషి కాలేదు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది. మళ్ళీ కన్ను మూతపడేది కాదు. పొద్దున పూట మరీ బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడేవారు. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వెళ్ళింది. సాయంత్రం చెరువు గట్టు మీద స్నేహితులతో కూర్చోవడం మానేశారు. మనవడు ఒళ్ళోకి వస్తే దించేసి, "అత్త దగ్గరికి పో" అనేవారు. పిల్లవాడికి నాయనమ్మ ఎవరో, అత్త ఎవరో కూడా ఆ క్షణంలో ఆయనకు తోచేది కాదు.

నేను ఆదివారాలు వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట అనేవాణ్ణి: "ధైర్యంగా ఉండు మామా, అన్నీ సర్దుకుంటాయి." ఆయన తల ఊపేవారు. బాగుపడ్డాక ఒకరోజు ఆయనే చెప్పారు: "నువ్వు ధైర్యంగా ఉండమన్నావు అల్లుడూ. నాకు లేనిది అదే. అది నా తప్పనుకొని నీకు చెప్పడం మానేశాను." ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులాగే ఉంది.

ఆ రోజుల్లో ఆయన తిరగని డాక్టరు లేడు. గుండె దడ అన్నారు కాబట్టి ఈసీజీ, ఎకో, నడిపించి చేసే పరీక్ష, అన్నీ తీశారు. గుండె బాగుందన్నారు. కడుపు మంటకు మాత్రలిచ్చారు. "రిపోర్టులన్నీ బాగున్నాయి, మీకేమీ లేదు" అని ఒకరు చెప్పిన రోజున మామయ్య ఇంకా కుంగిపోయారు. ఏమీ లేకపోతే ఈ బాధేమిటి?

ఒకచోట మరీ చిత్రం జరిగింది. డాక్టరు అరవంలోనే అడిగాడు, మామయ్య అరవంలోనే చెబుతున్నారు. అసలు సంగతి చెప్పేసరికి మాత్రం నోట మన మాటే వచ్చింది. "దిగులుగా ఉంది" అన్నారు. అరవంలో "తిగిల్" అంటే భయం, హడలు. "దేనికి భయం? ఎవరైనా బెదిరించారా?" అని డాక్టరు అడిగాడు. మామయ్యకు దేనికీ భయం లేదు. లేదనే చెప్పారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. రెండు భాషల్లో బతికే మనకు తెలియకుండా జరిగే పొరపాటు ఇది. బాధ ముదిరినప్పుడు తల్లి భాషే నోటికి వస్తుంది, వినేవాడికి అది ఇంకొకలా వినిపిస్తుంది.

చివరికి మా అత్తే పూనుకుంది. ఇద్దరం కలిసి ఆయన్ను కోయంబత్తూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాం. అత్త భయం వేరు: "పిల్ల పెళ్ళి కుదిరే వేళ. ఎవరైనా చూస్తే?" మెట్లెక్కుతున్నప్పుడు కూడా కొంగు ముఖానికి అడ్డంగానే పట్టుకుంది. లోపల కూర్చున్నవాళ్ళలో ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక కాలేజీ అమ్మాయి, మాలాంటి రైతు ఒకాయన ఉన్నారు. అందరూ మామూలు మనుషులే.

ఆ డాక్టరు నలభై నిమిషాలు మాట్లాడాడు. దిగులంటే ఏమిటని అడిగి ఊరుకోలేదు. ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది, ఎంత తింటున్నారు, ఇంతకు ముందు ఇష్టపడి చేసిన ఏ పని మానేశారు, లెక్కలు రాసేటప్పుడు మనసు నిలుస్తోందా, ఎన్ని వారాలుగా ఇలా ఉంది, అని ఒక్కొక్కటే అడిగాడు. తర్వాత మెల్లగా, "బతకడం ఎందుకు అనిపించిందా?" అన్నాడు. అత్త ఉలిక్కిపడింది. మామయ్య కాసేపు నేల చూసి, "అనిపించింది" అన్నారు. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనం భయపడతాం. అలా పుట్టదు. అడిగితే లోపలున్నది బయటికి వస్తుంది, మనిషి ఒంటరితనం తగ్గుతుంది. ఆ రోజే డాక్టరు అత్తకు చెప్పాడు: కొన్నాళ్ళు ఆయన్ను ఒంటరిగా ఉంచవద్దు, తోటకు కొట్టే మందులు ఇంట్లో ఉంటే తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

థైరాయిడ్, చక్కెర, రక్తహీనత పరీక్షలు చేయించాడు. వాటివల్ల కూడా ఇలాంటి నీరసం, నిరుత్సాహం వస్తాయి కాబట్టి. అవి బాగానే ఉన్నాయి. అప్పుడు చెప్పాడు, ఇది డిప్రెషన్ అని. మనసు దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా కుంగి ఉండి, దేనిమీదా ఇష్టం లేకుండా పోయి, నిద్ర, ఆకలి, పని చెడితే దాన్ని వట్టి ఒత్తిడి అని వదిలేయకూడదట. మగ్గాలు తిరిగాక కూడా మామయ్య కోలుకోకపోవడమే మాకు కనిపించాల్సిన గుర్తు. మేం దాన్ని మొండితనం అనుకున్నాం.

రోజుకు ఒక మాత్ర రాసిచ్చాడు. మొదటి వారం కడుపులో తిప్పవచ్చు, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగుందనిపించినా చాలా నెలలు వాడాలి, చెప్పకుండా ఆపవద్దు అన్నాడు. అప్పటిదాకా మందుల షాపులో అడిగి వేసుకుంటున్న నిద్రమాత్రల సంగతి విని, అవి అలవాటైపోతాయని మెల్లగా తగ్గించి మాన్పించాడు. పదో రోజున మామయ్య, "ఏం గుణం లేదు, మానేస్తాను" అన్నారు. అత్త రెండు నుంచి నాలుగు వారాలన్న మాట గుర్తుచేసింది. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉండటమే మమ్మల్ని కాపాడింది.

మందుతోపాటు కౌన్సిలరు దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ఉపదేశాలేమీ లేవు. పొద్దున ఆరింటికి అత్తతో కలిసి చెరువు గట్టు మీద అరగంట నడవాలి, మనసు ఉన్నా లేకపోయినా. ఇష్టం పుట్టాక పని చేద్దామనుకుంటే ఆ ఇష్టం రాదు, పని మొదలుపెడితే వెనక అదే వస్తుందని చెప్పారు. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే వేళకు లేవాలి. మంచం మీద ఊరికే దొర్లకుండా, నిద్ర రాకపోతే లేచి వసారాలో కూర్చొని, మళ్ళీ కునుకు వచ్చినప్పుడే పడుకోవాలి. అప్పుల చింతకు ఒక నోటుపుస్తకం. ఎడమవైపు ఈ వారం చేయగలిగినవి, కుడివైపు మన చేతిలో లేనివి. "బ్యాంకు మేనేజరును కలిసి గడువు అడగడం" ఎడమవైపుకు వచ్చింది. "కూలి రేటు" కుడివైపునే ఉండిపోయింది.

ఇప్పటికీ అక్కడే ఉంది. మాత్ర అప్పు తీర్చదు, కూలి పెంచదు. ఆరో వారంలో ఒక పొద్దున మామయ్య మేనేజరు దగ్గరికి తనంతట తాను వెళ్ళి వచ్చారు. మార్చిలో ఆయన వాకిలి దాటలేకపోయారు. మందు ఇచ్చింది ఆ నడకే. ఆ సాయంత్రం మనవణ్ణి ఎత్తుకొని షెడ్డులో మగ్గం చూపిస్తున్నారు.

అందుకే చివరికి కార్యదర్శిగారికి ఇలా రాసిచ్చాను:

"కష్టం వచ్చినప్పుడు గుండె దడ, నిద్రలేమి ఎవరికైనా వస్తాయి, కష్టం తీరినా అవి తీరకపోతే, లేదా రెండు వారాలకు మించి మనసు కుంగి ఉంటే, అది మీ లోపం కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఈ ఉపన్యాసంలో డాక్టరుగారు ఆ తేడా ఎలా తెలుసుకోవాలో, ఇంట్లోవాళ్ళు ఏం అడగాలో, ఏం అనకూడదో చెబుతారు. ఎవరినీ లేచి తమ కథ చెప్పమని అడగరు, మౌనంగా వెనక కూర్చొని విని వెళ్ళవచ్చు. ఉపన్యాసం వైద్యం కాదు; అవసరమనిపిస్తే మానసిక వైద్యుణ్ణి కలవండి, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. బతకాలని లేదనిపిస్తే సభ రోజు దాకా ఆగవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి, వెంటనే 14416కు ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి."

ఆ నంబరు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవది. రాత్రీపగలూ ఉచితం. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మామయ్య తిరిగిన రోజుల్లో అది లేదు. ఉంటే, దిగులు అన్న మాటను దిగులుగానే వినే మనిషి అవతల దొరికేవారేమో.

కార్యదర్శిగారు చదివి, "నాలుగు వాక్యాలంటే ఇంత పొడుగా?" అన్నారు. అయినా ఒక్క మాట తీయలేదు. సభకు మామయ్య, అత్త కూడా వస్తామన్నారు. ఈసారి అత్త ముందు వరసలో కూర్చుంటానంటోంది.