పిన్ని తంబుర

మా పిన్నికి ఎనభయ్యేళ్లు దగ్గర పడుతున్నాయి. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో, మాత్ర వేసుకున్నదో లేదో మరిచిపోతూ వుంటుంది. అందుచేత ఆవిడ చెప్పే పాతసంగతులకు కూడా ఈమధ్య ఇంట్లో విలువ తగ్గింది.

మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు అటకమీది పెట్టెలో ఒక క్యాసెట్టు దొరికింది. దానిమీద మా బాబాయి దస్తూరీతో "శ్రీరామనవమి, 1976" అని వుంది. బాబాయి పిల్లలకు సంగీతం చెబుతూ, ఏడాదికి నాలుగైదు పందిళ్లలో పాడుతూ వుండేవాడు. మనవడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఒకవైపు నలభై అయిదు నిమిషాలూ వినిపించాడు. అంతా అయ్యాక పిన్ని, "వెనకాల తంబుర నాదే" అన్నది.

ఆవిడ కొడుకు, అంటే మా తమ్ముడు, నవ్వాడు. "అది తంబుర కాదమ్మా, శ్రుతిపెట్టె. మొదటినుంచీ చెవి పెట్టి విన్నాను. ఆ యేడు మీ అమ్మ నాతో రాలేదని నాన్న కూడా అనేవారు. నీకు అన్నీ కలిసిపోతున్నాయి."

పిన్ని మారుమాట్లాడలేదు. చీరచెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ మౌనం నాకు నచ్చలేదు. నేను చిన్నప్పుడు బాబాయి దగ్గర వర్ణాలదాకా ఏడ్చినవాణ్ణి. పాట రాలేదు గాని తంబుర పట్టుకుని వెనకాల కూర్చోవడం వచ్చింది. "ఉండరా, మళ్లీ విందాం. వింటే తెలియకపోదు" అన్నాను.

తంబురకు నాలుగు తీగెలు. నడిమివేలితో పంచమం, చూపుడువేలితో రెండు షడ్జాలు, ఆఖరున మంద్ర షడ్జం మీటుతారు. మీటగానే వచ్చే చప్పుడు మెత్తగా వుంటుంది. అసలు అందం ఆ తర్వాత వస్తుంది. తీగె ఆనివున్న మెట్టుమీద, తీగె కింద ఒక నూలుపోగు దూరుస్తారు. దాన్నే జీవా అంటారు. దానివల్ల తీగె మెట్టును తాకీ తాకనట్టు తాకి, మీటిన కాసేపటికి జుమ్మని విప్పారుతుంది. మంద్రం తీగె బాగా శ్రుతిలో వుంటే, ఎవరూ మీటని అంతర గాంధారం కూడా అందులోంచి వినిపిస్తుంది.

శ్రుతిపెట్టెలో మీటడమన్నది లేదు. తిత్తి ఊదిన గాలికి లోపలి లోహపు నాలుకలు మోగుతాయి. కనుక ధ్వని ఒకటే ధార. విప్పారడం, వాడిపోవడం వుండవు. అయితే తిత్తి నొక్కినప్పుడల్లా కాస్త పొంగి, చెయ్యి వెనక్కి మళ్లినప్పుడు కాస్త తగ్గుతుంది. హార్మోనియం మెట్లు నొక్కిపెట్టినా ఇంతే. రెండూ ఒక తల్లి పిల్లలే గనుక, మెట్టు టక్కుమనడమో, మధ్యలో ఎవరైనా ఒక స్వరం కలపడమో జరిగితే తప్ప, పాత టేపులో వాటిని విడదీయడం నా చేతకాదు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకు ఆ ఊపిరి కూడా వుండదు. గీత గీసినట్టు నిలిచి వుంటుంది. ఎలక్ట్రానిక్ తంబురలు కచేరీల్లోకి వచ్చింది 1970ల చివరినుంచి గనుక మా టేపుకు వాటి బెడద లేదు.

ఇక ఎక్కడ వినాలన్నది ముఖ్యం. పాట నడుస్తూంటే గొంతూ ఫిడేలూ అన్నీ కప్పేస్తాయి. ఆలాపన మొదలుకాకముందు, గాయకుడు ఊపిరి తీసుకునేచోట, కీర్తన ముగిసి చప్పట్లు పడేలోపల వినాలి. మొదటి కీర్తన ముందరి ఖాళీ వినిపించాను. ధార మాత్రమే వుంది. మీటిన జాడ లేదు. బాబాయి ఆగినచోటల్లా అది పెద్దదవుతోంది. "తిత్తి పొంగు! చూశావా?" అన్నాడు తమ్ముడు.

ఇక్కడ తొందరపడకూడదు. ఆనాటి చిన్న క్యాసెట్టు రికార్డర్లు చాలావాటికి ఒక గుణం వుంది. పాట ఆగితే అవి తమంతట తామే చప్పుడు పెంచేస్తాయి. అప్పుడు తంబుర కూడా పొంగినట్టే వుంటుంది. అయితే ఆ పొంగుతోబాటు పందిట్లో దగ్గులూ, పిల్లల గోలా కూడా పెరుగుతాయి. మా టేపులో అవీ పెరిగాయి. కాని పాట ఆగిన ఆ ఏడెనిమిది సెకండ్లలో, దగ్గులు ఉన్నచోటే వుండగా, ధార ఒక్కటీ మూడు సెకండ్లకోసారి లేచి పడింది. అది చేతితో ఆడించే తిత్తే. శ్రుతిపెట్టె అని ఒప్పుకున్నాను. పిన్ని వంక చూడడానికి మొహం చెల్లలేదు.

అయినా తీర్పు చెప్పే ముందు టేపు ఆసాంతం వినడం ధర్మం. రెండో కీర్తన, మూడో కీర్తన, అదే ధార. మూడోది అయ్యాక, చప్పట్లు చల్లారుతూండగా, ఎవరో ఒక తీగె మీటారు. కొంచెం తగ్గువగా వుంది. మళ్లీ మీటారు, ఈసారి పైకి జరిగి శ్రుతిపెట్టె ధారలో కలిసిపోయింది. తర్వాత రెండో తీగె, మూడోది. పూసలు జరుపుతూ శ్రుతి చేసుకుంటున్నారన్నమాట. ఆ పైన బాబాయి ఆలాపన ఎత్తుకున్నాడు. ధార అట్లాగే వుంది. కాని దానిమీద నాలుగు మీటులకోసారి లోతుగా ఒక జుమ్మనడం మొదలైంది. ఆ తీగెలు మంద్రంగా వుంటాయి గనుక టేపు బుసలో కూడా అవి చావలేదు.

తమ్ముడు ఊరుకోలేదు. "ఫోనులో తంబుర కూడా ఇట్లాగే మోగుతుంది గదా!" అన్నాడు. నిజమే. నేడు ఫోన్లలో వినేవి చాలామట్టుకు అసలు తంబురనే రికార్డు చేసి తిప్పేవి. ధ్వనినిబట్టి వాటిని పట్టలేము, కాలాన్నిబట్టి పట్టాలి. గడియారం పెట్టుకుని మంద్రం తీగె లెక్కపెట్టాను. ఆలాపనలో పది చుట్లకు నలభై ఆరు సెకండ్లు పట్టింది. స్వరకల్పన జోరుమీద వున్నప్పుడు పది చుట్లకు నలభై ఒకటే. పాటతోబాటు చెయ్యి కూడా ఉత్సాహపడింది. ఒకచోట రెండు చుట్లు అసలు లేవు. చెమట తుడుచుకున్నారో ఏమో. ఫోను తంబుర ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటే లెక్క.

"మొదటి మూడు కీర్తనలకూ తంబుర లేదు పిన్నీ. నాలుగోదానినుంచి ఎవరో వచ్చి కూర్చున్నారు" అన్నాను.

పిన్ని కళ్లజోడు పెట్టుకుంది. "ఎవరో ఏమిట్రా, నేనే. వీడికి మూడోయేడు. ఒళ్లు కాలిపోతూంటే మీ బాబాయిని పొమ్మని నేను ఉండిపోయాను. జ్వరం తగ్గి వీడు నిద్రపోయాక పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి, తంబుర రిక్షాలో పెట్టుకుని వెళ్లాను. ఆయనతో వెళ్లలేదన్నది నిజమే. వెళ్లలేదని ఎవరన్నారు?"

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కలం తెచ్చి, క్యాసెట్టుమీద తండ్రి దస్తూరీ కింద చిన్న అక్షరాలతో రాశాడు: "నాలుగో కీర్తన నుంచి తంబుర, అమ్మ."

పిన్ని ఇప్పటికీ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోతూనే వుంది. వెతికి తెచ్చి ఇచ్చేది మాత్రం మా తమ్ముడే.