చుక్కలోకి వెళ్ళే రోడ్డు

మా పిన్ని కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆదివారాలు దానికి బొమ్మలు నేర్పే పని నాది. ఒకరోజు రోడ్డు, దాని పక్కన దీపస్తంభాలు వేయించాను. స్తంభాలన్నిటి మధ్యా మూడేసి సెంటీమీటర్లు స్కేలుతో కొలిచి పెట్టమన్నాను. అది అలాగే పెట్టింది. కాసేపు చూసి, "అక్కా, దూరంగా ఉన్నవి ఇంకా ఎడంగా కనిపిస్తున్నాయి. నాకు బొమ్మలు రావులే" అని కాగితం చింపేసింది. తప్పు దానిది కాదు, నాది. ఆ మాట దానికి చెప్పేశాను.

సాయంత్రం మెరీనాకి తీసుకెళ్ళాను. ఇసుకలో కూర్చోబెట్టి, సముద్రం ఆకాశం కలిసే గీత ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ఎక్కడ తగులుతోందో చూడమన్నాను. "నడుం దగ్గర" అంది. లేచి చూసి, "ఇప్పుడు గడ్డం దగ్గరుందే!" అంది. ఆ గీత ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. బొమ్మలో ముందు గీయాల్సింది అదే.

ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాం. మీరూ వేసి చూడండి.

ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, కింది అంచుకి 8 సెంటీమీటర్ల పైన కంటి గీత గీయండి. దాని మధ్యలో ఒక చుక్క. మనకి దూరంగా వెళ్ళే గీతలన్నీ ఆ చుక్కకే చేరతాయి. నిలువు గీతలు నిలువుగానే, అడ్డ గీతలు అడ్డంగానే ఉంటాయి.

చుక్కకి కుడివైపు 12 సెంటీమీటర్ల దూరంలో మొదటి స్తంభం. ఎత్తు 8: గీతకి పైన 6, కింద 2. దాని కొస నుంచి, మొదలు నుంచి చుక్కకి రెండు గీతలు. కింది గీతే రోడ్డు అంచు. ఎడమవైపూ అలాంటి అంచే గీస్తే రోడ్డు వచ్చేసింది. ఆ అంచు మీద ఒక నిలువు గీత నిలబెట్టి, దాని పై కొసనీ చుక్కకి కలిపితే అది వీధి పక్క గోడ. కిటికీల పై అంచులూ కింది అంచులూ కూడా చుక్క వైపే పోవాలి. ఒక్కటి తప్పినా గోడ వంకర పోయినట్టు కనిపిస్తుంది.

రెండో స్తంభం 3 సెంటీమీటర్ల లోపలికి, కంటికి నచ్చినచోట పెట్టొచ్చు. మూడోదాన్ని మాత్రం ఊహించకూడదు. మొదటి స్తంభం నడిమి నుంచి చుక్కకి గీత గీస్తే, అది రెండోదాన్ని సరిగ్గా సగంలో కోస్తుంది. ఇప్పుడు మొదటిదాని కొస నుంచి ఆ సగం గుండా ఏటవాలుగా గీత లాగండి. అది రోడ్డు అంచుని తాకినచోటే మూడో స్తంభం. నాలుగోదానికీ ఇదే పద్ధతి, ఈసారి రెండోదాని కొస నుంచి.

అన్నీ వేశాక మా చెల్లి ఎడాలు కొలిచింది. 3, 1.8, 1.2. "నేను అన్నది ఇదేగా అక్కా!" అంది.

ఒక్క జాగ్రత్త. ఈ పద్ధతి వీధికి ఎదురుగా నిలబడి చూసినప్పుడే పనికొస్తుంది. మూలన నిలబడి చూస్తే భవనానికి రెండు చుక్కలు కావాలి. అది వచ్చే ఆదివారం పాఠం. ఈసారి స్కేలు దాని చేతికే ఇస్తాను.