నాలుగు వేళ్లు, రెండు రకాలు

ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్ వేసి ఉంటుంది. ఒకటంటే తేలిక మాటలు, మళ్లీ మళ్లీ వచ్చేవి. నాలుగంటే ధారాళంగా చదివే పిల్లలకి పెద్ద కథలు. 2015లో మొదలైన వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథల్నీ ఇలాగే వెతుక్కోవచ్చు. కానీ ఆ అంకె పుస్తకానిది, చదివే పిల్లది కాదు. పిల్లకి సరిపోతుందో లేదో తెలియడానికి వేళ్ల లెక్క ఉంది. మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదువుతూ, ఆగిపోయిన ప్రతి మాటకీ ఒక వేలు ముడవాలి. రెండు మూడయితే సరైన పుస్తకం, ఐదయితే ఇప్పటికి కష్టం.

ఈ లెక్క ఇంగ్లీషు పేజీని చూసి వేసింది. పేజీకి వంద మాటలుంటే ఐదు తప్పినా 95 శాతం సరిగ్గా చదివినట్టే. ఎవరైనా పక్కన ఉంటే చదవగలిగే స్థాయి అదేనని 1946లో అమెరికాలో ఎమెట్ బెట్స్ రాశాడు. 90కి దిగితే పిల్లలు విసుగెత్తిపోతారన్నాడు. మన బొమ్మల పుస్తకంలో పేజీకి నలభై మాటలుంటే ఎక్కువ. పైగా తెలుగు మాట బరువు వేరు. ‘వాన పడుతున్నందువల్ల వెళ్లలేదు’ మూడే మాటలు, ఇంగ్లీషులో అయితే ఏడెనిమిది కావాలి. మూడింట్లో ఒకటి తప్పితే వాక్యమే పోతుంది. అందుకని నలభై మాటల పేజీకి రెండు వేళ్లే హద్దు అనుకోవాలి.

మా అక్క కూతురు బెజవాడలో నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషులో మూడో లెవెల్ గబగబా చదివేస్తుంది. తెలుగులో అదే లెవెల్ పుస్తకం, నలభై మాటల పేజీలో నాలుగు వేళ్లు ముడిచింది: నిశ్శబ్దంగా, ఉత్సాహం, నారుమడి, గట్టు.

మొదటి రెండూ నేను పైకి చదివితే, “ఓ, అదా పిన్నీ!” అంది. అర్థం తెలుసు, ఒత్తుల దగ్గర కళ్లు ఆగాయి. తర్వాతి రెండూ తడబడకుండా చదివింది గానీ, అవేంటో తెలీదు. అపార్ట్‌మెంట్ పిల్ల నారుమడి ఎక్కడ చూస్తుంది? దివిసీమలో ఉండే వాళ్ల బాబాయి కొడుకు అదే పేజీలో నారుమడి దగ్గర ఆగలేదు, ‘నిశ్శబ్దంగా’ దగ్గరే ఆగాడు.

వేళ్లన్నీ ఒకలాగే కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. ఒత్తుల దగ్గర ఆగితే ఒక లెవెల్ దిగి, చేయి తిరిగేదాకా సొంతంగా చదవనివ్వాలి. అర్థం దగ్గర ఆగితే దిగక్కర్లేదు, పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. దానికిప్పుడు తను చదువుకోడానికి రెండో లెవెల్, అమ్మమ్మతో కలిసి చదవడానికి మూడో లెవెల్.

ఈ లెక్కలో ఒక లొసుగుంది. తెలుగులో అక్షరాలు వచ్చిన పిల్లలు అర్థం కాకపోయినా గడగడా చదివేయగలరు, ఒక్క వేలూ ముడవరు. అందుకే పేజీ అయ్యాక పుస్తకం మూసి, “ఏం జరిగింది?” అని అడగాలి. జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి వెళ్తే అక్కడి పిల్లల పుస్తకాల్లో చాలావాటి మీద ఏ లెవెలూ ఉండదు. అక్కడ ఆ ప్రశ్నా, ఆ వేళ్లే దిక్కు.