గోడౌన్ ప్లాన్ బస్తాతో మొదలైంది

మిర్చికి గుంటూరులో కోల్డ్ స్టోరేజీలున్నాయి. మా ధాన్యానికి దిక్కు? సొసైటీ గోడౌన్ ప్లాన్ నా మీద పడింది.

గోడలకంటే ముందు బస్తాలు లెక్కేశా. 500 టన్నులంటే 50 కిలోల బస్తాలు 10,000. 30 అడుగుల పొడవు, 20 వెడల్పు ఉండే నెట్టుకు సుమారు 3,000 పడతాయి. అంటే నాలుగు నెట్లు. పురుగు కనబడాలన్నా, మందు పెట్టాలన్నా చుట్టూ మనిషి తిరిగే దారి వదలాలి.

అసలు చిక్కు మా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైపైన పునాది వేస్తే గోడ పగులుతుంది, చెమ్మ లోపలికొస్తుంది, అడుగు బస్తాలు బూజు పడతాయి. అందుకే ఇంజినీరు సుమారు 3.5 మీటర్ల లోతు, అడుగున గుండులా ఉబ్బిన పైల్స్ వెయ్యమన్నారు.

ఖర్చు చూసి ప్రెసిడెంట్ గారు, "పునాది కాస్త తగ్గిద్దామా సెక్రటరీ గారూ?" అన్నారు.

"నెట్టు ఒకటి తగ్గిద్దామండీ. మూడైతే 450 టన్నులు పడతాయి" అన్నా.