ఆరు, ఎనిమిది, పది

శనివారం సాయంత్రాలు మా బేస్‌మెంట్‌లో ఐదారుగురు పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. పోయిన నెల వాళ్ళకి ఒక చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఆఖరి లెక్క ఇది: ఒక దీర్ఘఘనం మూడు ముఖాల కర్ణాలు 6, 8, 10 సెంటీమీటర్లు. దాని ఘనపరిమాణం, సంపూర్ణతల వైశాల్యం ఎంత?

పొడవు, వెడల్పు, ఎత్తు ఇస్తే ఎవరైనా చేస్తారు. అందుకని అవి దాచేసి, ఒక్కో ముఖం మీద మూల నుంచి ఎదురు మూలకి గీసే గీతల పొడవులు మాత్రమే ఇచ్చాను. పెట్టెలో ఎదురెదురు ముఖాలు ఒకేలా ఉంటాయి కనక ఆరు ముఖాలకీ మూడు కర్ణాలే. 6, 8, 10 ఎందుకు ఎంచుకున్నానంటే, పైథాగరస్ సంఖ్యలు కదా, వర్గమూలాలు చక్కగా వస్తాయిలే అనుకున్నాను. లెక్క నేను ముందు చేసి చూసుకోలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ రాత్రి పేపర్లు దిద్దుతున్నాను. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడని పిల్ల, జవాబు ఇలా రాసింది: ఘనపరిమాణం 0, సంపూర్ణతల వైశాల్యం 96. కింద చిన్న అక్షరాలతో, ఇది పెట్టె కాదేమో అని ఇంగ్లీషులో ఒక ముక్క. లోపల చోటే లేని పెట్టెకి బయట 96 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఎలా ఉంటుంది? ఎక్కడో గుణకారంలో పొరపడి ఉంటుందనుకుని, పైన ఆమె వేసిన మెట్లు చూడకుండానే ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాను. పదికి సున్నా. మిగతా పిల్లల్లో ఇద్దరు లెక్క వదిలేశారు. ముగ్గురు ఏవో సంఖ్యలు తేల్చారు, వాటికీ సున్నాలే. కాగితాలు ఆ రాత్రే ఫోటోలు తీసి ఇళ్ళకి పంపించేశాను.

మర్నాడు పొద్దున, కాఫీ తాగుతూ, పిల్లలకి పంచడానికి జవాబు రాద్దామని కూర్చున్నాను.

పద్ధతి కష్టమేమీ కాదు. ఒక్కో ముఖం ఒక దీర్ఘచతురస్రం. దాని కర్ణం వర్గం, దాని రెండు భుజాల వర్గాల మొత్తం. కాబట్టి మూడు కర్ణాల వర్గాలూ కలిపితే పొడవు వర్గం రెండుసార్లు, వెడల్పు వర్గం రెండుసార్లు, ఎత్తు వర్గం రెండుసార్లు వస్తాయి. ఆ మొత్తంలో సగం తీసుకుంటే మూడు వర్గాలూ ఒక్కొక్కసారి వచ్చినట్టు. ఇప్పుడు ఆ సగంలోంచి ఒక ముఖం కర్ణం వర్గం తీసేస్తే, ఆ ముఖంలో లేని మూడో అంచు వర్గం మిగులుతుంది. అంతే.

36, 64, 100 కలిపితే 200. సగం 100. అందులోంచి 36 తీస్తే 64, కాబట్టి ఒక అంచు 8. 64 తీస్తే 36, ఇంకో అంచు 6. 100 తీస్తే సున్నా.

కలం ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ సున్నాయే. మూడో అంచు లేదు. 8 పొడవు, 6 వెడల్పు ఉన్న ఒక పల్చటి రేకు, మందం సున్నా. ఘనపరిమాణం సున్నా కాక ఇంకేమవుతుంది? వైశాల్యం మాటేమిటి? ఒక ముఖం 8 × 6, అంటే 48. దాని వెనక వైపు ఇంకో 48. పక్క ముఖాలు నాలుగూ గీతలైపోయాయి. మొత్తం 96. అమ్మాయి ఆ రేకు రెండు వైపులా లెక్కపెట్టింది! నేను అడిగిన ప్రశ్నకి, నేను అడిగినట్టే, అణువంత తేడా లేకుండా జవాబు చెప్పింది. ఆ జవాబునే నేను కొట్టేశాను.

ఇక్కడ దాగి ఉన్న షరతు ఏమిటో ఆ రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. చిన్న కర్ణాలు రెండింటి వర్గాలు కలిపి, అందులోంచి పెద్ద కర్ణం వర్గం తీసేయండి. మిగిలేది అతి చిన్న అంచు వర్గానికి సరిగ్గా రెట్టింపు. పెట్టె ఉండాలంటే అది సున్నా కన్నా ఎక్కువ కావాలి. అంటే మూడు కర్ణాలూ భుజాలుగా త్రిభుజం గీస్తే అది అల్పకోణ త్రిభుజం కావాలి. లంబకోణ త్రిభుజమైతే పెట్టె అణిగిపోయి రేకవుతుంది. అధికకోణ త్రిభుజమైతే అసలు పెట్టే ఉండదు. 4, 5, 8 తీసుకోండి. త్రిభుజం గీయొచ్చు, ఏ ఇబ్బందీ లేదు. కానీ 16, 25 కలిపితే 41, అందులోంచి 64 తీస్తే మైనస్ 23. ఒక అంచు వర్గం మైనస్ పదకొండున్నర అవుతుంది. అలాంటి అంచు ఏ వడ్రంగీ కొయ్యలేడు.

పైథాగరస్ సంఖ్యలు చక్కగా ఉంటాయని వాటిని ఎంచుకున్నాను కదా, ఈ లెక్కకి పనికిరానివి సరిగ్గా అవే. 3, 4, 5 ఇచ్చినా, 5, 12, 13 ఇచ్చినా రేకే వస్తుంది.

తర్వాతి శనివారం క్లాసులో ముందుగా చెప్పిన మాట, ఆఖరి లెక్కలో తప్పు నాది అని. ఆ అమ్మాయి పేపరు అడిగి తీసుకున్నాను. సున్నా కొట్టేసి పక్కన పది వేసి సంతకం పెట్టాను. "ఎలా తెలిసిందమ్మా నీకు?" అని అడిగాను. కాసేపు తల ఎత్తలేదు. తర్వాత, "సున్నా వచ్చింది అంకుల్. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే వచ్చింది" అంది. మరి నాకు చెప్పలేదేం అంటే, "మీరు క్రాస్ పెట్టారు కదా, నేనే ఏదో మిస్ అయ్యాననుకున్నా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు అందరం కాగితాలు కత్తిరించాం. కర్ణాలకి రెట్టింపు భుజాలతో, అంటే 12, 16, 20 సెంటీమీటర్లతో ఒక త్రిభుజం. మూడు భుజాల మధ్యబిందువులూ కలుపుతూ గీతలు గీసి, వాటి మీదుగా మడవాలి. లంబకోణం ఉన్న మూలని అలాగే వదిలేసి మిగతా రెండు మూలలూ మడిస్తే, రెండూ వచ్చి సరిగ్గా ఆ మూల మీదే పడ్డాయి. చేతిలో మిగిలింది 8 × 6 దీర్ఘచతురస్రం, రెండు పొరలు. కత్తిరించిన త్రిభుజం వైశాల్యం 12 × 16లో సగం, అంటే 96. "అదుగో నా నైంటీసిక్స్!" అని ఆ పిల్ల గట్టిగా అనడం మా బేస్‌మెంట్‌లో అదే మొదటిసారి.

తర్వాత 5, 6, 7 కర్ణాలకి 10, 12, 14 భుజాలతో ఇంకో త్రిభుజం కత్తిరించాం. ఈసారి మడిస్తే మూడు మూలలూ పైకి లేచి ఒక్కచోట కలుసుకున్నాయి. నాలుగు ముఖాల బుడ్డి గోపురం తయారైంది. మనం వెతికే పెట్టెలో అది మూల వదిలి మూల ఆనుకుని సరిగ్గా ఇమిడిపోతుంది. దాని ఆరు అంచులే ఆరు ముఖాల మీది కర్ణాలు. ఇక 4, 5, 8 త్రిభుజం ఎంత మడిచినా మూలలు కలవలేదు. లెక్క వేయకుండానే పెట్టె ఉందో లేదో కాగితం చెప్పేస్తుంది.

5, 6, 7కి బోర్డు మీద లెక్క కూడా చేశాం. 25, 36, 49 కలిపితే 110, సగం 55. అంచుల వర్గాలు 30, 19, 6. ఘనపరిమాణానికి అంచులు విడివిడిగా తేల్చక్కర్లేదు. మూడు వర్గాలూ గుణించి ఒక్క వర్గమూలం తీస్తే చాలు: 3420కి వర్గమూలం, సుమారు 58.48 ఘనపు సెంటీమీటర్లు. వైశాల్యానికి మాత్రం ఆ సుఖం లేదు. జతలు జతలుగా గుణించి, మూడు వర్గమూలాలూ వేరువేరుగా తీసి, అప్పుడు కలపాలి. 570, 114, 180ల వర్గమూలాలు సుమారు 23.87, 10.68, 13.42. కలిపి రెట్టింపు చేస్తే దాదాపు 95.9 చదరపు సెంటీమీటర్లు. ఒకబ్బాయి మూడింటినీ ముందే కలిపేసి 864కి వర్గమూలం తీశాడు. రెట్టింపు చేస్తే 59 కూడా రాలేదు. ఇంకొకడు సగం చేయడం మర్చిపోయి 110లోంచి తీసేశాడు. వాడి అంచుల వర్గాలు 85, 74, 61. ఏ రెండు కలిపినా 49 రాదు, 36 రాదు, 25 రాదు. ఇలా అంచులతో మళ్ళీ కర్ణాలు కట్టి చూసుకుంటే తప్పు అక్కడే దొరికిపోతుంది. నేనూ పరీక్షకి ముందు ఆ పని చేసి ఉండాల్సింది.

పరీక్షలో పాడుచేసిన ప్రశ్నకి బదులు ఇంకోటి ఇస్తానన్నాను. ఈసారి నా తెలివి మీద ఆధారపడలేదు. 1719లో పౌల్ హాల్కె అనే జర్మన్ గణితజ్ఞుడు కనిపెట్టిన పెట్టెని అరువు తెచ్చుకున్నాను. కర్ణాలు 125, 244, 267. వర్గాలు 15625, 59536, 71289. మొత్తంలో సగం 73225. తీసేస్తూ పోతే 57600, 13689, 1936 మిగులుతాయి. అంచులు 240, 117, 44. ఎక్కడా దశాంశం లేదు. ఘనపరిమాణం 12,35,520, సంపూర్ణతల వైశాల్యం 87,576. అంచులూ, ముఖాల కర్ణాలూ అన్నీ పూర్ణాంకాలైన పెట్టెల్లో ఇదే అన్నిటికన్నా చిన్నది. ఇలాంటి వాటిని ఆయిలర్ ఇటుకలంటారు.

అందరూ చేశారు. కాగితాలు సర్దుకుంటున్నప్పుడు వెనక కుర్చీలోంచి ఆ అమ్మాయి అడిగింది: "అంకుల్, మధ్యలో వచ్చిన 73225 ఏమిటి? అది పెట్టె లోపలి నుంచి మూలకి మూలకి గీసే కర్ణం వర్గమే కదా? దానికి వర్గమూలం సరిగ్గా రాదేం?"

రాదు. 270.6 దగ్గర ఆగుతుంది. ఆ నాలుగో కర్ణం కూడా పూర్ణాంకమయ్యే పెట్టె అసలు ఉందో లేదో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదని చెప్పాను. ఉందని చూపించిన వాళ్ళు లేరు, ఉండదని నిరూపించిన వాళ్ళూ లేరు.

"మీకూ తెలీదా?" అంది.

"నాకూ తెలీదమ్మా" అన్నాను. కాసేపు బోర్డు వైపే చూసి, ఆ సంఖ్యలన్నీ తన పుస్తకంలోకి ఎక్కించుకుంది. వాళ్ళ నాన్నగారు కారు హారన్ కొడుతున్నా లేవలేదు.