ముప్పై సెంటీమీటర్లు ఎటువైపు?

మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఉంటుంది హాలియా. ఎడమ కాలువ నీళ్లతో పండే వరి పొలాలు దాటుకుంటూ అక్కడి ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లాను. పదో తరగతిలో దర్పణ సూత్రం లెక్కలు నడుస్తున్నాయి.

బోర్డు మీది లెక్క ఇది: పుటాకార దర్పణం నాభ్యంతరం 15 సెం.మీ. వస్తువు 10 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ, ఎలా ఏర్పడుతుంది?

సారు వెంటనే పెన్ను పట్టనివ్వలేదు. "ముందు జవాబు ఎట్లుండాల్నో చెప్పుండ్రి" అన్నారు. వస్తువు నాభికీ ధ్రువానికీ మధ్య ఉంది. కాబట్టి ప్రతిబింబం అద్దం వెనుక, నిటారుగా, వస్తువు కన్నా పెద్దగా ఉండాలని పిల్లలు చెప్పారు. ఆ మాటను బోర్డు మూలన రాసి, అప్పుడు లెక్క చేయమన్నారు.

మూడు జవాబులు వచ్చాయి: +6, −30, +30.

+6 వచ్చిన అబ్బాయి u = −10 అని సరిగానే రాశాడు కానీ f ను +15గా తీసుకున్నాడు. ఆవర్ధనం m = −v/u ప్రకారం +0.6 వచ్చింది. అంటే వస్తువు కన్నా చిన్న మిథ్యా ప్రతిబింబం. "పుటాకార దర్పణం అట్లాంటిది ఎప్పుడన్నా ఇస్తదా?" అని సారు అడిగారు. ఇవ్వదు. అది కుంభాకార దర్పణం పని. f గుర్తు మారితే అద్దమే మారిపోయిందన్నమాట.

−30 వచ్చిన అమ్మాయి రెండు దూరాలనూ ధనాత్మకంగా తీసుకుంది. విలువ సరైనదే. కానీ v రుణాత్మకమైతే ప్రతిబింబం అద్దం ముందు ఏర్పడే నిజ ప్రతిబింబం, అది తలకిందులుగా ఉండాలి. m చూస్తే +3, అంటే నిటారు. రెండూ పొసగవు.

సరైన లెక్కలో కాంతి వెళ్లే దిశకు ఎదురుగా కొలిచినవి కాబట్టి f, u రెండూ రుణాత్మకమే:

1/v = 1/f − 1/u = −1/15 + 1/10 = 1/30

v = +30, m = +3. మూలన రాసిన మాటతో సరిపోయింది.

తర్వాత అవే అంకెలతో కుంభాకార కటకం లెక్క ఇచ్చారు. f = +15, u = −10. కటక సూత్రం 1/f = 1/v − 1/u. ఈసారి v = −30 వచ్చింది, అదే సరైన జవాబు. కటకంలో కాంతి అవతలికి వెళ్తుంది కనుక నిజ ప్రతిబింబానికి v ధనాత్మకం, మిథ్యా ప్రతిబింబానికి రుణాత్మకం. ఇక్కడ m = v/u కాబట్టి అదీ +3.

జవాబు ఎలా ఉండాలో ముందే అనుకుని గుర్తులు సరిచూసే ఈ పద్ధతికీ ఒక హద్దుంది. దర్పణం లెక్కలో కూడికలో పొరపడి +20 తెచ్చినా, అదీ నిటారైన పెద్ద ప్రతిబింబంలాగే కనిపిస్తుంది. అలాంటి తప్పు పట్టాలంటే v ని తిరిగి సూత్రంలో పెట్టాలి. 1/20 − 1/10 = −1/20 వస్తుంది, రావాల్సింది −1/15.

కాబట్టి పరీక్ష రాసే పిల్లలు v దగ్గర ఆగకండి. m కూడా కట్టి, రెండు గుర్తులూ ఒకే ప్రతిబింబం గురించి చెబుతున్నాయో లేదో చూశాకే జవాబు కింద గీత గీయండి.