మూడు రోజులకు నాలుగు పడకలు

యాడీ మొయినాబాదు నుండి ఫోను చేసినప్పుడు మేము చేవెళ్లలో ఉన్నాం. ఆమె మాకు సొంత తల్లి కాదు, మా తండాలో పక్కింటి ఆమె. మా భాషలో తల్లిని యాడీ అంటాం, ఆ వయసు ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తాం. "దవాఖానోళ్లు పొమ్మన్నరు, పైసలు కట్టి పొమ్మన్నరు. కాగితమేమో నాకు తెల్వది, పిలగానికీ తెల్వది. జర వచ్చి చూడుండ్రి" అన్నది. మాలో ఒకరు బడిలో పాఠాలు చెబుతారు, ఒకరు రక్తపరీక్షల ల్యాబులో పనిచేశారు. ఇద్దరం బస్సెక్కాం. రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు వెనక్కి పోతుంటే, కాగితం చూడకముందే అది మోసమని తీర్పు చెప్పుకున్నాం. ఆ తీర్పు సగమే నిజమైంది.

యాడీకి జ్వరం. సోమవారం రాత్రి పదింటికి కొంచెం ముందు కొడుకు ఆమెను ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాడు. గురువారం పదకొండింటికి డాక్టరు ఇంటికి పోవచ్చని రాశాడు. మేము చేరేసరికి ఆమె బిల్లుల కిటికీ ముందు బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఒకటే కాగితం, అందులో ఏడు వరుసలు. మొత్తం 20,890 రూపాయలు, కట్టిన అడ్వాన్సు 10,000, ఇంకా కట్టాల్సింది 10,890.

ఏడు వరుసల కాగితంతో ఏమీ తేలదు. "మందులు 6,840" అని ఉంటే ఏ మందు, ఎన్ని అని ఎలా అడుగుతాం? విడివిడిగా రాసిన బిల్లు కావాలని కిటికీలో అడిగాం. కంప్యూటరు ముందున్న పిల్లవాడు విసుక్కోలేదు, నాలుగు పేజీలు తీసి ఇచ్చాడు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఈ విడి బిల్లు కూడా ఉంది. ఆ పత్రం పేరు చెప్పాల్సిన అవసరం మాకు రాలేదు. అడగడమే సరిపోయింది.

అటువంటి బిల్లులో ప్రతి వరుసకూ మూడు అంకెలుంటాయి: ఒక్కదాని ధర, ఎన్ని, మొత్తం. మనవాళ్లు చివరి అంకె చూసి బెదిరిపోతారు. మేము యాడీకి నడిమి అంకె మీద వేలు పెట్టి చూపించాం. ధర గురించి వాదించాలంటే చేరేటప్పుడే వాదించాలి. ఎన్ని అన్నది మాత్రం ఆమె ఒంటి మీద జరిగిన సంగతి. అది ఆమెకే తెలుసు.

మొదటి చిక్కు పడకది. రోజుకు 900 చొప్పున నాలుగు రోజులు, 3,600. నర్సు ఖర్చు, డ్యూటీ డాక్టరు ఖర్చు కూడా నాలుగేసి రోజులు. "నేనున్నది తీన్ దినాలు గదా, చార్ ఎక్కడివి?" అన్నది యాడీ. గంటలు లెక్కపెడితే ఆమెదే నిజం: సోమవారం రాత్రి నుండి గురువారం పదకొండు దాకా అరవై రెండు గంటలు కూడా కాలేదు. కాని ఈ దవాఖాన అర్ధరాత్రి నుండి అర్ధరాత్రికి ఒక రోజుగా లెక్కిస్తుంది. సోమవారం రెండు గంటలే ఉన్నా ఒక రోజు, గురువారం సగం పూటైనా ఒక రోజు. చేరిన గంట నుండి ఇరవై నాలుగు గంటలు లెక్కపెట్టే దవాఖానలూ ఉన్నాయి, అక్కడైతే మూడే పడేవి. కొడుకు సంతకం చేసిన కాగితంలో ఈ నియమం ఇంగ్లీషులో ఉంది, తీసి చూపించారు. ఆ డబ్బు తగ్గలేదు.

రెండోది రక్తపరీక్ష. "నాలుగుసార్లు నెత్తురు తీసిండ్రు, ఒక్కసారి తీస్తే సాలదా? అమ్ముకుంటున్నరా ఏంది?" అని గట్టిగానే అన్నది. కిటికీలో పిల్లవాడు నవ్వాపుకున్నాడు. బిల్లులో ఒకే పరీక్ష 350 చొప్పున నాలుగుసార్లు ఉంది. మేమూ అక్కడే పట్టుకుందామనుకున్నాం. ఫైలు విప్పితే నాలుగు తేదీలతో నాలుగు రిపోర్టులున్నాయి. ఆమె నెత్తురులో ప్లేట్‌లెట్లు మొదటి రాత్రి 92 వేలు, మర్నాడు 68 వేలు, తర్వాత 74 వేలు, చివరి పొద్దున లక్షా పదివేలు. ఇట్లాంటి జ్వరంలో ఆ అంకె పడుతోందా లేస్తోందా అని రోజూ చూడాల్సిందే. ఒక్క రోజు చూసి వదిలేస్తే రెండో రోజు పడిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ 1,400 న్యాయమైన డబ్బే, యాడీకి అదే చెప్పాం. ఒక వరుస ఎక్కువసార్లు కనబడితే దొంగలెక్క అనుకోనక్కరలేదు. దానికి రిపోర్టు ఉందా లేదా అని చూస్తే చాలు.

మూడోది పెద్ద డాక్టరు చూసినందుకు 600 చొప్పున అయిదు. "కండ్లద్దాల సారు పొద్దుగాలే వస్తుండె. సందేళ వచ్చింది వేరే పిలగాడు" అన్నది యాడీ. చదువు రాకున్నా ఆమె మనుషులను మర్చిపోదు. డాక్టరు వచ్చినప్పుడల్లా కేసు షీటులో రాసి సంతకం పెట్టాలి. దాన్ని చూపించమన్నాం. మంగళ, బుధ, గురువారాల పొద్దున పెద్ద డాక్టరు సంతకాలు మూడు. రెండు సాయంత్రాల సంతకాలు డ్యూటీ డాక్టరువి, ఆయనకు వేరే వరుసలో డబ్బు వేసే ఉంది. రెండు సందర్శనలు, 1,200 తీసేశారు.

నాలుగోది మందుల షాపు. ఈ లెక్క తెలియక మనవాళ్లు ఎక్కువ నష్టపోతారు. వార్డు నుండి మందులు ఒక్కసారే తెప్పిస్తారు, అవి రోగి ఖాతాలో పడతాయి. పొద్దున, రాత్రి ఇచ్చే ఒక ఇంజెక్షన్ అయిదు రోజులకని పది తెప్పించారు, ఒకటి 120 రూపాయలు. ఇచ్చినప్పుడల్లా నర్సు చార్టులో టైము వేసి సంతకం చేస్తుంది. సోమవారం రాత్రి ఒకటి, మంగళవారం రెండు, బుధవారం రెండు, గురువారం పొద్దున ఒకటి. ఆరు. మిగిలిన నాలుగు వార్డు అలమారలో విప్పకుండానే ఉన్నాయి. సెలైను సీసాలు ఎనిమిది రాశారు, ఎక్కించింది ఆరు, సీసా 80. వాటిని షాపుకు తిప్పి పంపితే రిటర్ను బిల్లు వస్తుంది: నాలుగు నూట ఇరవైలు 480, రెండు ఎనభైలు 160, కలిపి 640. సీలు విప్పినదైతే తీసుకోరు. డిశ్చార్జి అయ్యి ఇంటికి వచ్చాక అడిగితే ఇక ఎవరికీ గుర్తుండదు. ఇది మోసమని మేము అనలేం. నర్సుకు పది పడకలున్నాయి, తిప్పి పంపడం మరచిపోయింది. మరచిపోయిన డబ్బు మాత్రం యాడీది.

అడ్వాన్సు సంగతి చెప్పడమే ఎక్కువసేపు పట్టింది. పదివేలు కట్టాక మళ్లీ పైసలంటే రెండుసార్లు వసూలు చేస్తున్నారని ఆమె పట్టు. చివరికి చిట్టీ లెక్క చెప్పినట్టు చెప్పాం: మొత్తం 20,890లో 1,840 పోతే 19,050. అందులో నువ్విచ్చింది పదివేలు. మిగిలింది 9,050. రెండు అడ్వాన్సు రసీదులూ కలిపి పదివేలేనని ఆమె రవిక సంచిలోంచి తీసిన కాగితాలతో సరిచూశాం.

ఆరోగ్యశ్రీ కార్డు మాటేమిటని కొడుకును అడిగాం. రేషను కార్డు ఇంట్లోనే ఉందన్నాడు. చేరిన రాత్రి ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ పథకం ఉన్న దవాఖానలో ఆరోగ్యమిత్ర అని ఒకరుంటారు, ఈ రోగం పథకంలోకి వస్తుందా రాదా అని డబ్బు కట్టకముందే ఆ మనిషిని అడగాలి. నగదు బిల్లు తయారైన నాడు ఆ మాట ఎత్తి లాభం లేకపోయింది.

డబ్బు కట్టాక విడి బిల్లు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం ఒకే కవరులో పెట్టి ఇచ్చాం. బస్సులో యాడీ ఆ కవరు ఒడిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. చేవెళ్ల దగ్గర పడుతుండగా అడిగింది: "నాలుగో దినం పడకకు తొమ్మిది వందలు కట్టిన గదా. పదకొండు నుంచి ఆ బల్ల మీదనే కూసున్న. నా పడక మీద అప్పటికే ఇంకొకామెను పండుకోబెట్టిండ్రు. మరి ఆమెకు ఆ దినం రాస్తరా, రాయరా?"

రాస్తారని చెప్పాం.